సలహా కార్డు వెళ్ళిపొమ్మంటే, ఫలితం కార్డు కలిసుంటారంటే

ప్రశ్న: నాలుగేళ్ళ ప్రేమ. ఇంట్లో చెప్తానంటాడు, చెప్పడు. ఏడు టారో కార్డులు పరిచి రిలేషన్‌షిప్ స్ప్రెడ్ వేసుకున్నా. నేను – టూ ఆఫ్ సోర్డ్స్, అతను – ఫోర్ ఆఫ్ పెంటకిల్స్, మా మధ్య – సిక్స్ ఆఫ్ కప్స్, మొదలు – టూ ఆఫ్ కప్స్, అడ్డంకి – టెన్ ఆఫ్ పెంటకిల్స్. సలహా దగ్గర ఎయిట్ ఆఫ్ కప్స్ వచ్చింది, ఫలితం దగ్గరేమో టెన్ ఆఫ్ కప్స్! ఒకటి వదిలేసి పొమ్మంటోంది, ఇంకోటి పెళ్ళీ పిల్లలూ అంటోంది. దేన్ని నమ్మాలి? మళ్ళీ వేసుకోవచ్చా?

మళ్ళీ వేసుకోకండి. రెండింట్లో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలెయ్యాల్సిన పనీ లేదు. సలహా స్థానం మీరు ఏం చెయ్యాలో చెప్తుంది. ఫలితం స్థానం ఈ బంధం ఎటు పోతోందో చెప్తుంది. రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు కాబట్టి ఒకే మాట చెప్పాలని ఎక్కడా లేదు. అసలు మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది. కార్డులు పరిచే ముందు ఫలితం స్థానానికి మీరు ఏ అర్థం అనుకున్నారు? "ఇలాగే సాగితే ఏమవుతుంది" అనా, "సలహా పాటిస్తే ఏమవుతుంది" అనా? అది తేలకపోతే ఆ రెండు కార్డుల్ని పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా లాభం లేదు.

నేను పన్నెండేళ్ళుగా కార్డులు చూస్తున్నాను. ఎక్కువగా పెళ్ళిళ్ళ గురించి, విడిపోవడాల గురించి వస్తారు. ఒక మాట ముందే చెప్తాను. కార్డుకి భవిష్యత్తు తెలుసని నేను ఎవరికీ చెప్పను. కలిపి తీసిన ఏడు బొమ్మల ముందు కూర్చుని మన పరిస్థితిని వరసగా మాట్లాడుకోవడానికి ఇదొక పద్ధతి, అంతే. పద్ధతి అన్నాక స్థానాల అర్థాలు గట్టిగా ఉండాలి. లేకపోతే మనకి నచ్చిందే కార్డు నోట చెప్పించుకుంటాం.

ఈ తికమక ఎక్కడిదో కొంచెం వెనక్కి వెళ్తే తెలుస్తుంది. మనలో చాలామంది వాడేది 1909లో లండన్‌లో వచ్చిన రైడర్ డెక్, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్ వేసినవి. దాన్ని రూపొందించిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ వివరించిన పది కార్డుల పద్ధతిలో పదో కార్డు "రాబోయేది". అందులో సలహాకంటూ విడిగా ఒక చోటే లేదు. జరగబోయేది చెప్పడమే అప్పటి పని. "అయితే నేనేం చెయ్యాలి" అనే ప్రశ్న తర్వాతి రీడర్లు ముందుకు తెచ్చారు, దానికో స్థానం కల్పించారు. అలా రెండు రకాల పనులు ఒకే స్ప్రెడ్‌లోకి వచ్చి కూర్చున్నాయి. వాటి మధ్య సంబంధం ఏమిటో మాత్రం చాలా స్ప్రెడ్‌లలో ఎవరూ రాసిపెట్టలేదు. "6. సలహా, 7. ఫలితం" అని రాసి వదిలేస్తారు.

తెలుగులో చెప్పుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. సలహా వాక్యం "చెయ్యి", "ఆగు", "చెప్పు" అని ముగియాలి. ఫలితం వాక్యం "అవుతుంది" అని ముగియాలి. ఆ "అవుతుంది"కి ముందు "ఇలాగే సాగితే" అని పెడతారా, "అలా చేస్తే" అని పెడతారా? మొత్తం రీడింగ్ ఆ మాట మీదే తిరుగుతుంది.

ఇది నాకు ఎవరూ నేర్పలేదు. దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదట్లో ఒకాయన వచ్చారు (గుర్తు పట్టకుండా వివరాలు మార్చాను). ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం, భార్య ఐర్లండ్‌లో చదువు. ఆవిడకి తెలియకుండా ఆయన పెద్ద అప్పు చేశారు. చెప్పాలా వద్దా అన్నది ఆయన బాధ. సలహా దగ్గర క్వీన్ ఆఫ్ సోర్డ్స్ వచ్చింది. కత్తి నిటారుగా పట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాపి కూర్చున్న రాణి. సూటిగా మాట్లాడమనడానికి అంతకంటే స్పష్టమైన కార్డు ఉండదు. ఫలితం దగ్గర త్రీ ఆఫ్ సోర్డ్స్. వానలో ఒక గుండె, దానిలోంచి దిగిన మూడు కత్తులు. నేను రెండింటినీ విడివిడిగా చక్కగా చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు: "అంటే చెప్తే విడిపోతామా అండీ, చెప్పకపోతే విడిపోతామా?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ కార్డులు రెండు రకాలుగానూ సరిగ్గా అతుకుతాయి. ఫలితం "ఇలాగే సాగితే" అయితే, దాచిపెట్టడం ఇలాగే కొనసాగితే గుండె పగులుతుంది, అందుకే ఇప్పుడే చెప్పు అని అర్థం. అప్పుడు సలహా మందు, ఫలితం మందు వేసుకోకపోతే వచ్చేది. ఫలితం "పాటిస్తే" అయితే, చెప్తే గుండె పగులుతుంది, అయినా చెప్పు అని. అప్పుడు ఫలితం సలహాకి కట్టాల్సిన ధర. మొదటి లెక్కన ఆయన ఇంటికి వెళ్ళగానే ఫోన్ చెయ్యాలి. రెండో లెక్కన ఫోన్ చేసే ముందు ఆవిడ పక్కన ఎవరైనా ఉన్నారా, పరీక్షలు అయ్యాయా అని చూసుకోవాలి, తర్వాత వచ్చే రోజులకి ఈయనా సిద్ధపడాలి. నేను ముందే ఏదో ఒకటి అనుకుని ఉండాల్సింది, అనుకోలేదు. ఆ పూట కంగారులో, అర్థంకానిదాన్ని తేల్చుకోవడానికి అదనంగా తీసే క్లారిఫయర్ కార్డులు మూడు తీశాను. అవి ఇంకో మూడు సంగతులు చెప్పాయి. ఆయన వచ్చినప్పటికంటే ఎక్కువ తికమకతో వెళ్ళారు. ఆ రోజు డబ్బులు తీసుకోవడం ఇప్పటికీ నాకు గిల్టీగానే ఉంటుంది.

అప్పటినుంచి నాదొక నియమం. కార్డులు కలిపే ముందే గట్టిగా పైకి అంటాను: "ఏడోది, ఇలాగే సాగితే మూడు నెలల్లో." గడువు కూడా చెప్పాలి. సలహా రేపటి పని, ఫలితం మూడు నెలల తర్వాతి సంగతి. గడువు పెట్టకపోతే రేపు చెయ్యాల్సిన దాన్నీ ఏనాటికో జరిగే దాన్నీ ఒకే రోజున పెట్టి కొట్లాడుకుంటున్నాయంటాం.

మీరు ముందే ఏమీ అనుకోలేదనుకుంటున్నాను, అడిగిన తీరు అలాగే ఉంది. ఇప్పుడు కార్డులు చూశాక "పాటిస్తే అని పెట్టుకుంటాను, అది బాగుంది" అనుకోవడం మాత్రం కుదరదు, అది మిమ్మల్ని మీరు మోసం చేసుకోవడమే. ముందు అనుకోని స్ప్రెడ్‌ని "ఇలాగే సాగితే" అనే చదవాలని నా లెక్క. కారణం చిన్నదే. కార్డు తీసే నిమిషానికి సలహా మీ చేతికి ఇంకా రాలేదు. చేతికి రాని సలహాని పాటించినట్టు లెక్కేసి ఫలితం చెప్పడం కంటే, ఆ నిమిషానికి ఉన్న దారినే చెప్పడం సబబు. వేరేలా చదివే మంచి రీడర్లు ఉన్నారు, వాళ్ళతో నాకు గొడవ లేదు. కార్డు తిప్పాక నియమం మార్చనంతవరకు చాలు.

ఇక మీ స్ప్రెడ్. ముందు మీరు చదివిన పద్ధతిలో ఒక తప్పు దిద్దుతాను. ఎయిట్ ఆఫ్ కప్స్ అంటే "అతన్ని వదిలెయ్యి" అని నేరుగా తీసుకున్నారు. బొమ్మ చూడండి. రాత్రి, పైన చంద్రుడు, చేతికర్ర పట్టుకుని ఒకడు మనకి వీపు పెట్టి కొండల వైపు వెళ్తున్నాడు. వెనక ఎనిమిది కప్పులు నిలబడే ఉన్నాయి. ఒక్కటీ ఒలకలేదు, పగల్లేదు. పై వరసలో మాత్రం ఇంకో కప్పు పట్టేంత ఖాళీ ఉంది. అంటే పాడైపోయినదాన్ని వదిలి పోవడం కాదిది. బాగానే ఉన్నట్టు కనిపిస్తూ ఒక వెలితి ఉన్నదాన్ని వదలడం. సలహా స్థానంలో ఆ కార్డు వస్తే ముందు అడగాల్సింది "ఎవర్ని" కాదు, "దేన్ని" అని. ఆ "దేన్ని"కి జవాబు అదే స్ప్రెడ్‌లో మిగతా చోట్ల వెతకాలి, ఇంకో కార్డు తీసి కాదు.

మీ విషయంలో అది మూడో కార్డులో ఉంది. మీ మధ్య సిక్స్ ఆఫ్ కప్స్. పాత లోగిలిలో ఒక పిల్లాడు చిన్న పాపకి పూలు నింపిన కప్పు ఇస్తున్నాడు. తియ్యటి కార్డే, కానీ వెనక్కి చూసే కార్డు. మొదలు దగ్గర టూ ఆఫ్ కప్స్ ఉంది, అంటే ఆరంభం నిజంగా బాగుంది, ఇద్దరూ సమానంగా కప్పులు ఎత్తారు. ఇప్పుడు మీ ఇద్దర్నీ పట్టి ఉంచుతున్నది ఆ ఆరంభం జ్ఞాపకమే అని ఈ రెండూ కలిసి అంటున్నాయి. ఒకసారి చూసుకోండి. మీరిద్దరూ ఈ మధ్య మాట్లాడుకున్నప్పుడు "అప్పట్లో" అన్న మాట ఎన్నిసార్లు వచ్చింది?

మొదటి కార్డు, మీది, టూ ఆఫ్ సోర్డ్స్. కళ్ళకి గంతలు కట్టుకుని, రెండు కత్తులు గుండెల మీద అడ్డంగా పట్టుకుని కూర్చున్న అమ్మాయి. ఆ గంతలు ఎవరో కట్టినట్టు బొమ్మలో లేదు. అతని కార్డు ఫోర్ ఆఫ్ పెంటకిల్స్, ఒక నాణెం గుండెకి హత్తుకుని, రెండు కాళ్ళ కింద పెట్టుకుని, ఇంకోటి నెత్తిన పెట్టుకున్నవాడు. లేస్తే కింద ఉన్నవి పోతాయని లేవడు. అడ్డంకి టెన్ ఆఫ్ పెంటకిల్స్, ముసలాయన, కుక్కలు, జంట, పిల్లాడు, మూడు తరాల ఇల్లు. ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు, మన ఇళ్ళల్లో పెళ్ళికి అడ్డమొచ్చేది ఏమిటో మీకూ తెలుసు. ఆస్తి, కులం, "మా నాన్న ఏమంటారో". అతను పట్టుకుని కూర్చున్నవీ, అడ్డంకీ ఒకే సూట్‌లో, రెండూ పెంటకిల్స్‌లోనే ఉన్నాయి చూడండి. అడ్డు బయట ఎక్కడో లేదు, అతని చేతుల్లోనే ఉంది.

ఇప్పుడు రెండు కార్డుల్నీ వాక్యాలు చేద్దాం. సలహా: "ఒకప్పటి తీపి మీద బతకడం ఆపు. గంతలు తీసి, ఆ ఎదురుచూపులోంచి లేచి నడువు." ఫలితం: "ఇలాగే సాగితే ఇది ఒక ఇంటి బొమ్మ దాకా వెళ్తుంది." గొడవ ఉందా? ఉంది, కానీ మీరనుకున్న చోట లేదు. ఫలితం బంధం గురించి మాట్లాడుతోంది. సలహా మీ గురించి మాట్లాడుతోంది. రిలేషన్‌షిప్ స్ప్రెడ్‌లో ఎప్పుడూ ఉండే చిక్కు ఇదే. సలహా ఒక్కరికి, ఫలితం ఇద్దరికి. మన దగ్గరైతే ఇద్దరికీ, ఇద్దరి ఇళ్ళకీ. ఉద్యోగం గురించి వేసిన స్ప్రెడ్‌లో సలహా పాటించేదీ ఫలితం అనుభవించేదీ ఒకరే, అందుకే అక్కడ ఈ రెండూ ఇంత తరచుగా తగువుపడవు.

కాబట్టి మీ రీడింగ్‌ని నేనైతే ఇలా చెప్తాను. ఇలాగే సాగితే పెళ్ళి దాకా వెళ్ళే దారి ఉంది. కానీ గంతలు కట్టుకున్న మనిషిగానే ఆ ఇంట్లోకి అడుగుపెడతారు. సలహా ఆ పెళ్ళిని ఆపమనడం లేదు, తెమ్మనడం కూడా లేదు. ఏళ్ళ తరబడి "చెప్తాను" అన్న మాట మీద కూర్చున్న ఆ చోటు నుంచి లేవమంటోంది. చేతల్లో ఏమిటంటే, ఒక తేదీ పెట్టండి, అతనికి ఒక్కసారి చెప్పండి, ఆ తేదీ దాకా మళ్ళీ ఆ ఊసు ఎత్తకండి. తేదీ దాటితే మీ బతుకు మీరు చూసుకోండి. బెదిరించడానికి మాత్రం పెట్టకండి. బెదిరింపు అయితే వెళ్ళేవాడు నాలుగు అడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తాడు, ఈ బొమ్మలో మనిషి తిరిగి చూడటం లేదు.

ఒకవేళ మీరు ముందే "పాటిస్తే" అని అనుకుని ఉంటే చదవడం మారుతుంది. లేచి నడిస్తే టెన్ ఆఫ్ కప్స్ దొరుకుతుంది అని. ఒకే సూట్‌లో ఎనిమిది నుంచి పదికి రెండు మెట్లు, పైకే. వినడానికి హాయిగా ఉంటుంది. ఇక్కడే మీరు వినడానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. టెన్ ఆఫ్ కప్స్‌లో జంట ఇంద్రధనుస్సు వైపు చేతులెత్తి నిలబడి ఉంటారు, వీపులు మన వైపు. మొహాలు కనపడవు. పక్కన ఉన్నవాడు ఈ అబ్బాయే అని కార్డు ఎక్కడా చెప్పదు. "వదిలి వెళ్తే ఇల్లు దొరుకుతుంది" అనే వాక్యంలో ఆ ఇల్లు ఎవరితో అన్నది ఖాళీగానే ఉంది. ఆ ఖాళీలో అతని పేరు రాసేస్తున్నది మనమే. "కాస్త దూరం పెడితే తనే పరిగెత్తుకుని వస్తాడు" అని ఈ జంట కార్డుల్ని చదివి చెప్పే రీడర్లు ఉన్నారు. అది రీడింగ్ కాదు, అడిగిన మనిషికి కావాల్సింది వడ్డించడం.

ఇలా ఎందుకు జరుగుతుందో నా అనుభవంలో ఒకటే కారణం. ఫలితం కార్డు కనబడగానే సలహా చెవికెక్కదు. ఒకావిడకి సలహా ఫోర్ ఆఫ్ సోర్డ్స్ వచ్చింది, సమాధి మీద చేతులు జోడించి పడుకున్న యోధుడు, అంటే కొన్నాళ్ళు కదలకుండా ఉండమని. ఫలితం నైట్ ఆఫ్ కప్స్, కప్పు పట్టుకుని గుర్రం మీద నెమ్మదిగా వచ్చేవాడు. ఆవిడ విన్నది "వస్తాడు" అన్న ఒక్క ముక్కే. వస్తాడు కదా అని వారం రోజులు పొద్దున్నా సాయంత్రం మెసేజ్‌లు పెట్టారు. సలహాకి పూర్తిగా ఎదురు. పైగా "మీ కార్డు తప్పింది" అని నా మీద కోపం. తప్పు నాదే, ఆ రెండింటినీ ఒకేసారి తిప్పి చూపించాను.

ఇప్పుడు ఫలితం కార్డుని బోర్లా ఉంచుతాను. సలహా కార్డు తిప్పి, దాన్ని అడిగినవాళ్ళ చేత వాళ్ళ మాటల్లో ఒక్క వాక్యంగా కాగితం మీద రాయిస్తాను, చివర క్రియ ఉండాలి. "ఓపిక", "ప్రేమ" లాంటి మాటలు ఒప్పుకోను. "పదిహేను రోజులు నేను ముందు ఫోన్ చెయ్యను" లాంటివి ఒప్పుకుంటాను. అది రాశాకే ఏడో కార్డు తిప్పుతాను. ఒంటరిగా వేసుకునేటప్పుడు ఇది ఇంకా అవసరం, ఎందుకంటే ఆపేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ కాగితం మీద ఉన్న వాక్యాన్ని ఫలితం చూశాక దిద్దాలనిపిస్తే, మీరు రెండు కార్డుల్ని చదవడం మానేసి ఒకదాన్ని ఇంకోదానితో రాజీ చేస్తున్నారని గుర్తు.

ఫలితాలు రెండు తియ్యొచ్చు కదా అని కొందరు అడుగుతారు. తియ్యొచ్చు. ఏడోది "ఇలాగే సాగితే", ఎనిమిదోది "సలహా పాటిస్తే". తికమక సగం పోతుంది. నేను అప్పుడప్పుడు వాడతాను, ముఖ్యంగా మొండిగా "అయితే ఏమవుతుంది" అని అడిగేవాళ్ళకి. కానీ ఎనిమిదోది కూడా రెండో మనిషి ఏం చేస్తాడో మీ చేతుల్లో పెట్టదు. రెండు ఫలితాలూ చెడ్డగా వచ్చిన స్ప్రెడ్‌లు నేను చూశాను. అలాంటప్పుడు సలహా దండగ అని కాదు, మీరు ఏం చేసినా తేలేది అవతలివాళ్ళ దగ్గరే అని చదువుతాను. వెయిట్ కూడా ఇలాంటిదే చెప్పాడు, పదో చోట రాజు, రాణి లాంటి కోర్టు కార్డు వస్తే విషయం చివరికి ఆ మనిషి చేతుల్లో పడుతుందని. రిలేషన్‌షిప్ స్ప్రెడ్‌లో ఫలితం దగ్గర కోర్టు కార్డు వస్తే నేను ఇప్పటికీ ముందు ఆ వైపే చూస్తాను.

ఒకే ఒక్క చోట ఈ చదవడాలన్నీ పక్కన పెట్టేస్తాను. ఇంట్లో చెయ్యి చేసుకోవడం ఉన్నా, బెదిరింపులు ఉన్నా, సలహా దగ్గర తలకిందులుగా వేలాడే మనిషి కార్డు, హ్యాంగ్డ్ మ్యాన్, వచ్చిందని "ఓర్చుకో" అనీ, ఫలితం బాగుందని "మారతాడు" అనీ చదివేవాళ్ళు ఉన్నారు. అక్కడ నేను కార్డులు మూసి పెట్టి 181కి ఫోన్ చెయ్యమంటాను, అది మహిళల హెల్ప్‌లైన్. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ కనబడలేదు, అయినా ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని రాశాను.

మళ్ళీ వేసుకోవడం గురించి. ఇప్పుడు వేస్తే వచ్చేది ఈ ప్రశ్నకి జవాబు కాదు, "మొదటి జవాబు నచ్చలేదు" అన్నదానికి జవాబు. ఈ ఏడు కార్డుల్ని ఫోటో తీసి పెట్టుకోండి. ఎయిట్ ఆఫ్ కప్స్ కింద ఇప్పటికి మీ వాక్యం రాయండి, టెన్ ఆఫ్ కప్స్ మీద ఒక చీటీ అంటించి దాచండి. ఆ తేదీ వచ్చాక, అతను ఇంట్లో చెప్పినా చెప్పకపోయినా, పరిస్థితి మారి ఉంటుంది, కాబట్టి ప్రశ్న కూడా మారుతుంది. అప్పుడు కొత్త స్ప్రెడ్ వేసుకోండి, కలిపే ముందు ఏడోది ఏమిటో పైకి చెప్పి. ఇక్కడే వచ్చి రాస్తే నేనూ చూస్తాను.